రాత్రి జిమ్ నుంచి వచ్చి అన్నం తినకూడదా? మూడు వారాలకే కళ్లు తిరుగుతా ఉండాయి

కోర్లగుంట కుర్రోడు · సోమవారం రాత్రి 10:50

అందరికీ నమస్తే. నాకు 26 ఏళ్లు, బరువు 68 కేజీలు. పొట్ట కొంచెం ఉంది, చేతులు మాత్రం పుల్లలు. రేణిగుంట పక్క కంపెనీలో పని. డ్యూటీ అయినాక ఏడున్నరకి జిమ్, ఇంటికొచ్చేసరికి తొమ్మిదింపావు. చేరి మూడు వారాలయింది.

చేరిన రోజే జిమ్‌లో చెప్పినారు, రాత్రి అన్నం ముట్టొద్దు, ఆదివారం తప్ప రోజూ రావాల, పౌడర్ డబ్బా కొనాల అని. డబ్బా ఇంకా కొనలేదు. మిగతావి చేస్తా ఉండా. మధ్యాహ్నం ఒంటిగంటకి కంపెనీలో భోజనం, రాత్రికి రెండు చపాతీలు, కుర్మా. మొదటి వారంలో 66.2కి దిగినా, కొవ్వు పోయిందన్నారు. ఆదివారం బిర్యానీ తిన్నా, సోమవారం చూస్తే 67.6! మొన్న స్క్వాట్ చేసి లేస్తా ఉంటే కళ్లు బైర్లు కమ్మి కడ్డీ పట్టుకొని నిలబడినా. రాత్రి పన్నెండుకి ఆకలికి మెలకువ వస్తా ఉంది.

మా అమ్మ రోజూ ఒకటే మాట, "అన్నం మానేసి ఎవుడు బాగుపడినాడురా?" అని. ఎవరి మాట వినాల?

ఐరన్ రాజా · సోమవారం రాత్రి 11:05

బ్రో, ట్రైనర్ చెప్పింది కరెక్ట్. ఆరు దాటినాక కార్బ్స్ తింటే నేరుగా పొట్టకే. నేను ఆరు నెలలు రాత్రి అన్నం మానేసి 9 కేజీలు తగ్గా. కేజీకి 2 గ్రాముల ప్రోటీన్ కొట్టు, అంటే నీకు 136. ఫుడ్‌లో అంత రాదు, డబ్బా కొనాల్సిందే. కళ్లు తిరగడం మొదట్లో అందరికీ ఉంటుంది, అలవాటవుతుంది.

చెనక్కాయ · మంగళవారం ఉదయం 6:20

మాది చిత్తూరు పక్కన పల్లె. డబ్బా ఎందుకబ్బా, మన చెనక్కాయలు లేవా? రోజూ రెండు గుప్పిళ్లు నానబెట్టుకొని తిను, రాత్రికి సంగటి ముద్ద కొట్టు. మా తాత జిమ్ము మొహం చూడలా, బస్తా ఎత్తి భుజానేసుకొనేవాడు. అన్నం తింటే నిద్ర, సంగటి తింటే సత్తువ.

పాత ఇనుము · మంగళవారం ఉదయం 7:45

పన్నెండేళ్లుగా జిమ్ ఫ్లోర్ మీద పని చేస్తున్నాను, ఊరు తిరుపతే. తమ్ముడూ, ముందు కళ్లు తిరిగే సంగతి తేల్చుకుందాం. అది అలవాటయ్యేది కాదు. ఒంటిగంటకి తిని ఏడున్నరకి స్క్వాట్ కింద నిలబడుతున్నావు. మధ్యలో ఏం తింటున్నావో రాయలేదు. టీ, రెండు బిస్కెట్లు అయ్యుంటాయి. ఆరున్నర గంటల ఖాళీ కడుపుతో కాళ్ల వ్యాయామం చేస్తే బుర్రకి అంతే. ఆరింటికి ఒక అరటిపండు, గుప్పెడు బొరుగులు తిని, నీళ్లు తాగి వెళ్లు. సెట్టు అయ్యాక ఒక్కసారిగా లేచి నిలబడకు, ఊపిరి బిగబట్టకు. తిని వెళ్లినా తిరిగితే జిమ్ మానేసి బీపీ, హిమోగ్లోబిన్ చూపించుకో.

డబ్బా సంగతి. మా వృత్తిలో డబ్బా అమ్మితే కమీషన్ ఉంటుంది. అందరూ అందుకే చెబుతారని అనను. కానీ చేరిన రోజే, నువ్వేం తింటున్నావో అడగకుండానే డబ్బా చేతిలో పెడితే అర్థం చేసుకో.

పళ్లెం లెక్క · మంగళవారం మధ్యాహ్నం 2:10

నేను ఆసుపత్రిలో డైటీషియన్‌గా పనిచేస్తున్నాను. మూడు నాలుగు ప్రశ్నలు కలిసిపోయాయి, నాకు ముఖ్యమనిపించిన దగ్గర మొదలుపెడతాను.

మొదటి వారంలో తగ్గిన ఆ 1.8 కేజీలు కొవ్వు కాదు. అన్నంలోని పిండి పదార్థం కొంత కండరాల్లో, కాలేయంలో నిల్వ ఉంటుంది. ఆ నిల్వ ఒక్కో గ్రాముకి దాదాపు మూడు గ్రాముల నీళ్లు పట్టి ఉంచుకుంటుంది. రాత్రి అన్నం ఆపగానే నిల్వ తగ్గింది, దానితో నీళ్లూ పోయాయి. ఆదివారం బిర్యానీలో అన్నం, ఉప్పు రెండూ బాగా పడ్డాయి, నీళ్లు తిరిగొచ్చాయి. ఒక్క పూటలో 1.4 కేజీల కొవ్వు పెరగాలంటే పది వేల కేలరీలకు పైగా అదనంగా తినాలి. అంత బిర్యానీ నువ్వు తినలేదు కదా.

ఇక రాజా గారి తొమ్మిది కేజీలు. నిజంగానే తగ్గి ఉంటారు. రాత్రి అన్నం మానేస్తే అన్నంతో పాటు దాని మీద నెయ్యి, వేపుడు, రెండోసారి వడ్డన కూడా మానేస్తాం. రోజంతటి తిండి తగ్గింది కాబట్టి తగ్గారు, గడియారం ఆరు దాటినందుకు కాదు.

కోర్లగుంట తమ్ముడూ, నిన్న తిన్నది తిన్నట్టు రాయి. ఎన్ని ఇడ్లీలు, కూర ఎంత, మజ్జిగా పెరుగా, అన్నీ.

కోర్లగుంట కుర్రోడు · మంగళవారం రాత్రి 10:05

అక్కా, నిన్న పొద్దున నాలుగు ఇడ్లీలు, చెనక్కాయల చట్నీ. మధ్యాహ్నం క్యాంటీన్ అన్నం పెద్ద ప్లేటు, సాంబారు, బీన్స్ కూర, చివర్లో మజ్జిగ. ఐదింటికి టీ, బిస్కెట్లు (పాత ఇనుము అన్న చూసినట్టే చెప్పినాడు). రాత్రి రెండు చపాతీలు, కుర్మా. ఇదీ కథ. ఈరోజు ఆరింటికి అరటిపండు తిని పోయినా, కళ్లు తిరగలా.

పళ్లెం లెక్క · బుధవారం ఉదయం 9:30

బాగుంది. లెక్క ఇక్కడే వేద్దాం, సుమారుగా. నాలుగు ఇడ్లీలు, చట్నీ కలిపి 11 గ్రాముల ప్రోటీన్. మధ్యాహ్నం అన్నంలో 9, పల్చటి సాంబారు, కూరల్లో 5, మజ్జిగలో 2 లేదా 3. టీ, బిస్కెట్లలో 2. రాత్రి చపాతీల్లో 6, కుర్మాలో 3. మొత్తం 40 కూడా దాటలేదు.

ఏ వ్యాయామమూ చేయని వాళ్లకే కేజీకి 0.83 గ్రాములు కావాలని భారత వైద్య పరిశోధన మండలి 2020లో ఇచ్చిన లెక్క. 68 కేజీలకి అది 56 అవుతుంది. నువ్వు దానికీ చాలా కింద ఉండి బరువులు ఎత్తుతున్నావు. చేతులు పుల్లల్లా ఉండటానికి అన్నం కారణం కాదు, అన్నం పక్కన ఏమీ లేకపోవడం కారణం.

136 అక్కర్లేదు. కేజీకి 1.6 దాటాక కండకి అదనంగా వచ్చేది చాలా తక్కువ. అంటే నీకు పైహద్దు 109. 40 నుంచి ఒక్కసారి 109కి దూకితే కడుపు ఉబ్బుతుంది, విసుగొచ్చి మానేస్తావు. ముందు 90 దగ్గరికి రా.

ఇడ్లీ అలాగే ఉంచి రెండు ఉడికిన గుడ్లు కలుపు, 12 గ్రాములు. మధ్యాహ్నం ఇంటి నుంచి చిన్న డబ్బాలో గట్టి పప్పు తీసుకెళ్లు, ఇంకో 6. బిస్కెట్ల బదులు 50 గ్రాముల అలసందలు నానబెట్టి ఉడికించిన గుగ్గిళ్లు, 12. రాత్రికి చపాతీ, కుర్మా తీసేసి అన్నం, చికెన్ కూర, గిన్నెడు పెరుగు. చికెన్ పచ్చిగా తూస్తే ఎముక లేకుండా 120 గ్రాములు, అందులో 26, పెరుగులో 5, అన్నంలో 6. కూడి చూడు, తొంభై దాటి వంద దగ్గరికి వస్తుంది. డబ్బా లేకుండానే.

ఐరన్ రాజా · బుధవారం ఉదయం 10:15

మేడం, లెక్క బానే ఉంది. కానీ రాత్రి తొమ్మిదిన్నరకి అన్నం, చికెన్ తిని పదకొండుకి పడుకుంటే అరుగుతుందా? నాకైతే మంట.

పళ్లెం లెక్క · బుధవారం ఉదయం 10:40

ఇది న్యాయమైన మాట. ఛాతీలో మంట, పుల్లటి తేన్పులు వచ్చేవాళ్లు అంత ఆలస్యంగా కడుపు నిండా తినకూడదు. అలాంటివాళ్లు సగం అన్నం ఆరింటికే, జిమ్‌కి ముందు పెరుగన్నంగా తినేసి, రాత్రికి మిగతా సగం, కూర తింటే సరి. చాలామందికి మంట తెచ్చేది అన్నం కాదు, కూరలో నూనె, కారం. మంట లేనివాళ్లకి పడుకునే ముందు గంటన్నర ఖాళీ ఉంటే చాలు.

చెనక్కాయ · బుధవారం మధ్యాహ్నం 12:30

నా చెనక్కాయల్ని ఎవురూ లెక్కపెట్టలేదే! నూరు గ్రాముల్లో 25 ప్రోటీన్ ఉందంట, గుడ్లకన్నా ఎక్కువ.

పాత ఇనుము · బుధవారం మధ్యాహ్నం 1:00

ఉంది అన్నా, అబద్ధం కాదు. కానీ ఆ నూరు గ్రాముల్లో కేలరీలు 560 పైన. అంతా నూనె. ఆ 25 గ్రాములకి నాలుగు గుడ్లు తింటే కేలరీలు మూడు వందలు. పొట్ట ఉన్న కుర్రోడికి రోజూ రెండు గుప్పిళ్లు పెడితే పొట్టే గెలుస్తుంది. చట్నీలో ఉన్నది చాలు. మీ తాత పొద్దున్నించి సాయంత్రం దాకా చేలో ఉన్నాడు, మనోడు కుర్చీలో ఉన్నాడు.

సంగటి మీద నాకు గొడవ లేదు. రాగుల్లో కాల్షియం ఎక్కువ, పీచూ ఎక్కువ, కడుపు నిండినట్టుంటుంది. కానీ ప్రోటీన్ బియ్యంలాగే, నూటికి ఏడు చిల్లర. కేలరీలూ దాదాపు సమానం. పైగా మన సంగటిలో బియ్యం కూడా పడుతుంది. ముద్ద సైజు బట్టి అది అన్నం కంటే ఎక్కువే కావొచ్చు.

చెనక్కాయ · బుధవారం మధ్యాహ్నం 1:20

ఎన్ని చెప్పినా సంగటి సత్తువే వేరు. నేను ఒప్పుకోను.

రిటైర్డ్ మాస్టారు · బుధవారం సాయంత్రం 5:50

చాలా సంతోషం. నాకు 58 ఏళ్లు, పదేళ్లుగా షుగర్, గ్లిమిపిరైడ్ వేసుకుంటాను. మా డాక్టరు రాత్రి అన్నం తగ్గించమన్నారు. ఇక్కడ అన్నం తినొచ్చని తేలింది కదా, ఇవాళ్టి నుంచి మొదలుపెడతాను. నేనూ పక్క వీధి జిమ్‌లో చేరాను. పౌడర్ కూడా తీసుకోవచ్చా?

పళ్లెం లెక్క · బుధవారం సాయంత్రం 6:15

మాస్టారూ, దయచేసి ఆగండి. ఇది షుగర్ లేని 26 ఏళ్ల కుర్రాడి లెక్క, మీది కాదు. మీ డాక్టరు గారు చెప్పిందే పాటించండి. మీకు ఇంకో సంగతి ముఖ్యం. గ్లిమిపిరైడ్ వేసుకుని తినకుండా జిమ్‌కి వెళితే షుగర్ బాగా పడిపోవచ్చు. చెమటలు, చేతుల వణుకు, గుండె దడ వస్తే వెంటనే చక్కెర నీళ్లు తాగాలి. జిమ్‌లో చేరిన సంగతి డాక్టరుకి చెప్పండి, మాత్ర మోతాదు వాళ్లే చూస్తారు.

పౌడర్ కొనకముందు క్రియాటినిన్, మూత్రంలో అల్బుమిన్ పరీక్ష చేయించండి. కిడ్నీలు బాగున్నవాళ్లని ప్రోటీన్ పాడుచేయదు. ఇప్పటికే దెబ్బతిన్నవాళ్లకి మాత్రం మోతాదు డాక్టరు తేల్చాలి. పదేళ్ల షుగర్ ఉన్నప్పుడు ఆ పరీక్ష లేకుండా నేను అవుననలేను.

రిటైర్డ్ మాస్టారు · బుధవారం సాయంత్రం 6:40

అలాగేనమ్మా. మా ఆవిడ కూడా ఇదే అంది, కానీ ఆవిడ చెబితే నేను వినను.

కోర్లగుంట కుర్రోడు · గురువారం రాత్రి 10:20

అక్కా, అన్నం ఎంత అని చెప్పలేదు. మా ఇంట్లో నలుగురికీ ఒకే కుక్కర్‌లో వండుతారు. నా ఒక్కడి బియ్యం యాడ తూచేది?

పళ్లెం లెక్క · గురువారం రాత్రి 10:45

నీకు రాత్రికి 75, 80 గ్రాముల బియ్యం చాలు. రైస్ కుక్కర్‌తో వచ్చే కొలత కప్పులో నిండుగా 150 గ్రాములు పడతాయి, అందులో సగం. ఒక్కరోజు మాత్రం పని పెట్టుకో. బియ్యం తూచి పొయ్యి మీద పెట్టు, ఉడికాక గిన్నె బరువు తీసేసి అన్నం తూచు. మీ బియ్యం ఎన్ని రెట్లవుతుందో తెలుస్తుంది. ఆ తర్వాత రోజూ తక్కెడ అక్కర్లేదు, ఒకే గిన్నెతో పెట్టుకుంటే చాలు.

కోర్లగుంట కుర్రోడు · శుక్రవారం రాత్రి 10:30

తూచినా! పక్కింటి స్వీటు షాపాయన దగ్గర చిన్న మిషన్ తెచ్చుకున్నా. బియ్యం 300 గ్రాములు, అన్నం 840. అంటే 2.8 రెట్లు. నా 75కి 210 గ్రాములు వస్తుంది. మా ఇంట్లో కూర పెట్టుకునే స్టీలు గిన్నె ఉంది, అంచుకి వేలెడు తక్కువగా నింపితే సరిగ్గా అంతే. మా అమ్మ మిషన్ వైపు చూసి, "అన్నాన్ని తూకానికి పెట్టే కాలం వచ్చిందా సామీ" అని నోరు నొక్కుకునింది. కానీ అన్నం తింటా ఉండానని ఆమెకి ఆనందమే. ఇంకో రవ్వ వేస్తానంటే గిన్నె వెనక్కి లాక్కున్నా.

రాత్రి మెలకువ రాలా. ఇప్పుడు అసలు బాధ. వారానికి ఆరు రోజులు చేస్తా ఉండా కదా, ఈరోజు చేతులు చాచలేక పోతా ఉండా. చొక్కా గుండీలు పెట్టుకోలేకపోయినా. పైగా రేపు శనివారం. ఇంట్లో గుడ్డు, మాంసం ఉండదు. శ్రీవారి మెట్టు ఎక్కుదామని ఫ్రెండ్స్ పిలుస్తా ఉండారు. అది రెస్ట్ అవుతుందా?

అలిపిరి మెట్లు · శుక్రవారం రాత్రి 11:00

నేను నెలకోసారి ఎక్కుతా. శ్రీవారి మెట్టు 2,388 మెట్లు, దూరం తక్కువ గానీ నిటారు. అలిపిరి దారి 3,550 మెట్లు, తొమ్మిది కిలోమీటర్లు. శ్రీవారి మెట్టు రెస్టేంది సామీ, తొడల పని! చేతులు పట్టేసి ఉంటే కొండకి ఏం ఇబ్బంది? ఎక్కేయ్. గోవిందా!

పాత ఇనుము · శనివారం ఉదయం 5:40

చేతులకి రెస్టే, కాళ్లకి కాదు. నిన్నగాక మొన్న స్క్వాట్లు చేసి ఉంటే ఈ వారం వద్దు. వెళితే మాత్రం దిగేటప్పుడు బస్సెక్కు. ఎక్కడంలో ఆయాసం వస్తుంది, దిగడంలో నొప్పి వస్తుంది. కండరం సాగుతూ బరువు ఆపాల్సి రావడమే మరుసటి రోజు పట్టేయడానికి కారణం.

చేతుల సంగతి జాగ్రత్తగా చదువు. నొప్పి రెండు చేతులకీ సమానంగా, మందంగా ఉండి, రెండో మూడో రోజుకి ఎక్కువై, కదిలిస్తే కాస్త సడలి, ఐదో రోజుకి పోతే అది మామూలే. ఒక్క కీలు దగ్గర పొడిచినట్టుంటే ఆ వ్యాయామం ఆపు. చేతులు వాచి గట్టిపడి, మూత్రం కోలా రంగులోకి వస్తే ఆ రోజే ఆసుపత్రికి పో, రేపటిదాకా ఆగకు. కండరం విరిగి అందులోని సరుకు రక్తంలోకి వస్తే కిడ్నీలు దెబ్బతింటాయి. కొత్తగా చేరి మొదటివారంలోనే ఎగబడినవాళ్లకి ఇది వస్తుంది.

కొత్తవాళ్లకి ఆరు రోజులు అనవసరం. సోమ, బుధ, శుక్రవారాలు ఒళ్లంతా చెయ్యి, ఒక్కో భాగానికి రెండో మూడో సెట్లు. ఒకసారి బరువు ఎత్తాక ఆ కండరం రెండు రోజుల దాకా మరమ్మతు చేసుకుంటూనే ఉంటుంది. మధ్యలో మళ్లీ కొడితే మరమ్మతు మీద మరమ్మతు. నోటుబుక్కులో బరువు, ఎన్నిసార్లు ఎత్తావో రాసుకో. అదే బరువు వరసగా రెండుసార్లు పోయినసారికంటే తక్కువ ఎత్తితే రెస్ట్ చాలలేదని, లేదా తిండి చాలలేదని.

బైరాగిపట్టెడ అక్క · శనివారం ఉదయం 8:15

నేను జిమ్‌కి పోను, మా అబ్బాయి పోతాడు. శనివారం వంట నా తంటా కాబట్టి చెబుతున్నా. మీల్‌మేకర్ పొడిగా 40 గ్రాములు తూచి వేడినీళ్లలో నానబెట్టి, రెండుసార్లు గట్టిగా పిండి, ఉల్లిగడ్డ, టమాట వేసి కూర చేస్తా. అందులో ఇరవై గ్రాముల ప్రోటీన్ ఉందని మావాడు ప్యాకెట్ చూపించాడు. పిండకపోతే పచ్చివాసన, ఎవరూ తినరు. చలికాలంలో అయితే అనపకాయలు వస్తాయి కదా, పితికిన పప్పు చేస్తా. ఆ రోజు తూకాలు ఎవరూ అడగరు, గిన్నె ఖాళీ.

ఐరన్ రాజా · శనివారం ఉదయం 9:00

రెస్ట్ రోజు ప్రోటీన్ తగ్గించొచ్చు కదా? ఎత్తేదేం లేదుగా.

పళ్లెం లెక్క · శనివారం ఉదయం 9:35

మరమ్మతు జరిగేదే ఆ రోజు అని పాత ఇనుము గారు ఇప్పుడే చెప్పారు కదా. ప్రోటీన్ తగ్గించకండి. అన్నం కావాలంటే పావు తగ్గించుకోవచ్చు, నేను మాత్రం కొత్తవాళ్లకి ఆ తేడా చెప్పను, ఒకే కొలత రోజూ అంటే గుర్తుంటుంది.

పాత ఇనుము · శనివారం ఉదయం 9:50

ఇక్కడ నాకు మేడంతో తేడా ఉంది. పొట్ట తగ్గాలనుకునేవాళ్లకి రెస్ట్ రోజు గరిటెడు తగ్గించమనే చెబుతాను. నా దగ్గర అలా చేసినవాళ్లు తగ్గారు. గరిటె వల్లనా, మిగతా జాగ్రత్త వల్లనా అంటే చెప్పలేను.

కోర్లగుంట కుర్రోడు · నాలుగు వారాల తర్వాత, ఆదివారం ఉదయం 7:10

మళ్లీ వచ్చినా. బరువు 67.3. మూడు వారాలుగా సోమవారం పొద్దున ఒకటే తూస్తా ఉండా, రోజూ చూడటం మానేసినా. బెల్టు ఒక రంధ్రం లోపలికి పోయింది. స్క్వాట్ ఉత్త కడ్డీ నుంచి 40 కేజీలకి వచ్చింది, ఎనిమిది సార్లు. జిమ్‌లో మూడు రోజులే వస్తా ఉండావేమని అడుగుతా ఉండారు. డబ్బా కొనలా.

ఒక తప్పు జరిగింది. రెండో వారం గుగ్గిళ్లు ఒక్కసారే గిన్నె నిండా తిని జిమ్‌కి పోయినా, కడుపంతా గ్యాసు, పక్క మిషన్ మీద ఉన్నాయన లేచి వెళ్లిపోయినాడు. ఇప్పుడు ఐదింటికే తింటా ఉండా, పోయే ముందు అరటిపండు మాత్రమే.

వచ్చే వారం నించి నాకు నైట్ షిఫ్టు. రాత్రి పదికి పోయి పొద్దున ఆరుకి రావాల. జిమ్ పొద్దున నిద్రకి ముందా, సాయంత్రం లేచినాకనా? అప్పుడు డిన్నరనేది ఏది?

ఐరన్ రాజా · ఆదివారం ఉదయం 7:40

పొద్దున వద్దు బ్రో, షిఫ్టు చేసిన కళ్లతో బరువు కింద నిలబడకు. ఈసారి నా మాట విను.

పాత ఇనుము · ఆదివారం ఉదయం 8:30

ఈసారి రాజా మాటే నాదీ. సాయంత్రం నాలుగున్నరకి లేచి ఏమన్నా తిని ఆరింటికి పో. డిన్నర్ సంగతి మేడం చెప్పాలి.